చూసినోళ్ల గుండెకు గ్యారంటీ లేదు

జూన్ 3, మధ్యాహ్నం 2.30

ఉష కొత్త కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో పంపింది. సరిగ్గా కూర్చున్నాయా అని అడిగింది. కొండపాక పిల్ల. సిద్దిపేటలో మెడికల్ షాపులో పని. రోజూ నేనెక్కే బస్సే. అద్దాలు మా షాపులోనే చేయించుకుంది, అప్పటి నుంచి ఛాటింగ్. ఈ పిల్లను చేసుకోవాలని ఉంది నాకు. ఎవరికీ చెప్పలేదు.

నేనేం రాశానంటే: ఫ్రేమ్‌కు ఏడాది గ్యారంటీ, చూసినోళ్ల గుండెకు లేదు.

బ్లూ టిక్. టైపింగ్ అని వచ్చింది. పోయింది. అంతే.

సాయంత్రం 6.40

నాలుగు గంటలు గడిచాయి. 'ఊరికే జోక్' అని టైప్ చేసి చెరిపేశాను. డిలీట్ చేస్తే చేసినట్టు కనిపిస్తుంది, ఇంకా సిగ్గు. రెండు క్వశ్చన్ మార్కులు పెట్టబోతుంటే పక్క కౌంటర్ స్వర్ణక్క ఫోన్ గుంజుకుంది. చదివి పడీపడీ నవ్వింది. ఆ పిల్ల అద్దాల సంగతి అడిగితే నీ గుండె సంగతి చెప్తవేందిరా శైలేందర్ అంది. ఎందుకు నవ్వలేదని అడగొద్దు, సారీ అనొద్దు, జోక్‌ను విడమరిచి చెప్పొద్దు అంది. రేపటిదాకా ఊకో, ఆమె అడిగినదానికి జవాబియ్యి, ఒక్క మాటల జవాబు చెప్పేటిదే ఏదన్న అడుగు అంది.

జూన్ 4, ఉదయం 10

'ముక్కు దగ్గర ఒత్తుకుంటోందా? ప్యాడ్లు సర్దితే సరిపోతుంది.' ఇంతే పంపాను.

పన్నెండు నిమిషాలకు, ఎడమ పక్క కొంచెం, అని వచ్చింది. బతికాను. అప్పుడు ఒక్కసారి నన్ను నేనే వెక్కిరించుకున్నాను: నా జోక్ కంటే ప్యాడ్లే నయం, అద్దాలు తీసుకురండి. నవ్వే బొమ్మ వచ్చింది. ఆ ఊపులో ఇంకో జోక్ వేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

జూన్ 5

షాపుకు వచ్చింది. ప్యాడ్లు సర్దాను. నేను నవ్వించకుండానే నవ్వింది.

జూన్ 19

బస్సులో చెప్పింది. గజ్వేల్ సంబంధం ఖాయమైందట. పేరు వంశీ. ఆషాఢం రాకముందే, ఆదివారం ఎంగేజ్‌మెంట్. జోక్‌కు నవ్వకుంటే మొగోళ్లు మొహం మాడ్చుకుంటరు, మీరు మాత్రం ఏం కానట్టే ఉన్నరు, అన్న లెక్క అనిపించింది అంది.

అన్న! పోయిన పరువును అంత పద్ధతిగా తెచ్చుకుంటే దక్కింది ఇది. కంగ్రాట్స్ చెప్పాను. దిగవలసిన స్టాప్ దాటిపోయింది.

జూన్ 24

ఉష మెసేజ్. వంశీకి ఏదో కొంటె జోక్ పంపిందట. చూసి ఊరుకున్నాడట. ఇప్పుడేం చేయాలె శైలేందరన్నా అని అడిగింది.

ఏం చేయాలో నాకు తెలుసు. అందుకే తలకిందులుగా చెప్పాను. ముందు రెండు క్వశ్చన్ మార్కులు పెట్టమన్నాను. తర్వాత జోక్ అర్థం విడమరిచి రాయమన్నాను. సారీ చెప్పి అన్నీ డిలీట్ చేయమన్నాను. సంబంధం చెడాలనే చెప్పాను. హాయిగా అన్నం తిన్నాను.

జూన్ 25

అన్నీ చేసిందట. ఏం డిలీట్ చేసినవో చెప్పేదాక వదల అని అతను ఫోన్ చేశాడట. గంటసేపు నవ్వుకున్నారట. థ్యాంక్స్ అన్నా అంది.