దస్తీ వేసిన సీటు

పోతిరెడ్డిపల్లి,
ఆదివారం.

లక్ష్మక్కకు, నీ తమ్ముడు నర్సింలు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? ఫోన్‌లో నీకు సగం మాట వినపడదు, వినపడ్డ సగానికే కోపం తెచ్చుకుంటావు. అందుకే కాగితం పట్టాను. చిన్నల్లుడి చేత నిదానంగా చదివించుకో, మధ్యలో లేచిపోకు.

ముందే చెప్పేస్తాను. నీ మేనల్లుడు శ్రీకాంత్ సర్కారు గుమస్తా నౌకరిలో చేరలేదు. డిజైన్ చదువుకు వెళ్లిపోయాడు. వాడు బాగున్నాడు, ఇంట్లో ఏ గొడవా జరగలేదు. కాసేపు తిట్టుకో, తర్వాత మిగతాది విను.

ఊరు విడిచి సంగారెడ్డి బస్సు డిపోకు కండక్టరుగా వచ్చాక నాకు కొత్త తగ్గనే లేదు. పటాన్‌చెరు వైపు వెళ్తే వాన వాసన కన్నా ముందు ఫ్యాక్టరీల వాసన వస్తుంది. పొద్దున షిఫ్టు బస్సులో సగం మంది హిందీ వాళ్లే. ముందుకు జరగమని 'ఆగే బఢో భయ్యా' అంటూ అరిచి అరిచి, నిద్రలో కూడా అంటున్నానని మీ మరదలు నవ్వుతుంది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టివ్వాలి కదా, ఆ రద్దీలో ముందు డోరు నుంచి వెనక డోరుకు చేరేసరికి చొక్కా గుండీలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. తిండికి లోటు లేదు గానీ ఇక్కడి జొన్నల్లో రుచి లేదక్కా. పలకరించే మనిషి లేక మొదట్లో చాలా దిగులు పడ్డాను.

ఇక అసలు సంగతి. శ్రీకాంత్ ఇంజనీరింగ్ అయ్యాక పటాన్‌చెరులో కాంట్రాక్టు పని చేస్తూ పరీక్ష రాశాడు, జాబితాలో పేరు వచ్చింది, సర్టిఫికెట్లు చూశారు, సంగారెడ్డిలోనే ఒక ఆఫీసుకు ఆర్డర్ వచ్చింది. నువ్వు ఊరంతా బెల్లం పంచావు. నేను డిపోలో లడ్డూలు పంచాను. వారం తిరగకుండానే వాడికి డిజైన్ కాలేజీలో సీటు వచ్చింది. నాకు చెప్పకుండా దాని పరీక్ష కూడా రాశాడు మహానుభావుడు!

ఆ చదువేమిటో నాకూ మొదట అర్థం కాలేదు. మనం వాడే వస్తువు ఎట్లా ఉంటే మనిషికి ఇబ్బంది ఉండదో కనిపెట్టి చూడాలట. బొమ్మ గీయాలి, అట్టతోనో చెక్కతోనో నమూనా చేయాలి, జనం చేత వాడించాలి, ఎక్కడ తప్పిందో చూసి మళ్లీ దిద్దాలి. చేసిన పనంతా ఫోటోలతో సహా చూపిస్తే, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు. వాడు ఎంచుకున్నది బస్సులో పట్టుకునే కడ్డీ. మీ మరదలినీ పక్కింటి ఆడవాళ్లనూ గోడ దగ్గర నిలబెట్టి, చంకలో సంచి పెట్టి, చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో సుద్దతో గీతలు గీశాడు. కిరాయి ఇంటి గోడ అక్కా! ఓనరమ్మ వచ్చి ఒకటే లొల్లి.

ఆ గీతలు ఈ సీటు కోసమేనని తర్వాత తెలిసి నాకూ మండింది. "గోడల మీద గీతలు గీసెటోనికి కాలేజేంది, దానికి బ్యాంకు లోనేంది? రేపు నౌకరి రాకుంటె ఏం జేస్తవ్?" అన్నాను.

"వస్తదని నేను చెప్తలేను నాయినా" అన్నాడు వాడు. అబద్ధమైనా ఆడి ఉంటే గట్టిగా పోట్లాడేవాణ్ని.

కాలేజీలో సీటుకు ఒప్పుకోవాల్సిన గడువు, ఇక్కడ నౌకరిలో చేరాల్సిన గడువు ఒకే నెలలో పడ్డాయి. అప్పుడు నా కండక్టర్ బుర్రకు ఒక ఉపాయం తట్టింది. బస్టాండులో బస్సు ఆగకముందే సీటు పట్టుకోవడానికి కిటికీలోంచి దస్తీ రుమాలు వేస్తారు చూడు, అట్లా ముందు నౌకరిలో చేరి, తర్వాత సెలవు పెట్టి చదువుకు పోతే సరి! రెండేళ్లయ్యాక వచ్చి కూర్చోవచ్చు. ఇంత తెలివి నాకు ఎక్కడిదా అని నేనే మురిసిపోయాను.

వాణ్ని వెంటబెట్టుకొని ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సూపరింటెండెంట్ మంచాయన, కూర్చోబెట్టి చెప్పాడు. "అట్ల నడువదన్నా. చేరినంక ప్రొబేషన్ ఉంటది, పని చూసి పక్కా చేసే గడువు. మూడేండ్లల్ల రెండేండ్లు డ్యూటీ చేసి ఉండాలె. ఈయన రెండేండ్లు సదువుకు పోతె ఏం మిగులుతది? స్టడీ లీవు ప్రొబేషన్ల ఉండదు. ఆ కాలేజోళ్లు గూడ ఆఫీసు నుంచి సెలవు కాగితమో, రిలీవ్ చేసిన కాగితమో తెమ్మంటరు." చేరకపోతే మళ్లీ మొదటి నుంచి పరీక్ష రాయాల్సిందేనని కూడా చెప్పాడు. ఇద్దరం ఇంటికి తిరిగి వచ్చాం. సర్కారు నౌకరి పోతే నీకు ముఖం ఎట్లా చూపించాలన్నదే నా బాధ. వాడికి ఫీజులు కట్టిందీ, నెత్తిన పెట్టుకొని పెంచిందీ నువ్వే కదా.

మర్నాడు పటాన్‌చెరు ట్రిప్పులో బస్సు నిండా జనం. ఒక ముసలామె మూట పట్టుకొని నిలబడి ఊగుతోంది. ఆమె పక్కనే ఖాళీ సీటు, దాని మీద దస్తీ. దస్తీ వేసిన పిల్లగాడు, "అంకుల్, మా దోస్తు లక్డారం గేట్ స్టాపుల ఎక్కుతడు" అన్నాడు.

ఇన్నేళ్ల సర్వీసులో నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను. "మనిషి లేనిది సీటేంది బిడ్డా? కూసునెటోళ్లకే సీటు. దస్తీ తియ్యి."

ముసలామె కూర్చుంది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. వెనక నుంచి "టికెట్, టికెట్" అని వాళ్లే నన్ను పిలవాల్సి వచ్చింది. ఊరందరికీ చెప్పే మాట నా ఇంట్లో నేనే తప్పానే అని సిగ్గేసింది. మనసు ఒకచోట, దస్తీ ఒకచోట పెట్టుకొని నా కొడుకు ఎన్నాళ్లు బతుకుతాడు?

ఇంటికి వెళ్లగానే అన్నాను, "దస్తీ ఏసింది నేను, తీస్తున్నది గూడ నేనే. పోయి సదువుకో."

వాడు గెంతులు వేస్తాడనుకున్నాను. నా పక్కన కూర్చొని, "నాకు భయమైతుంది నాయినా" అన్నాడు.

"నాకు గూడ అయితుంది. భయపడుకుంటనే పోదాం తియ్యి" అన్నాను. ఇద్దరం నవ్వాం. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా తిన్నాను.

గడువు అయ్యేదాకా ఊరుకోకుండా, చేరడం లేదని వాడే ఆఫీసులో రాసి ఇచ్చి వచ్చాడు. కాలేజీలో చేరాడు, సర్టిఫికెట్లు ఇచ్చాడు, బ్యాంకు లోన్ వచ్చింది. నిన్న ఫోన్ చేశాడు. అక్కడ అన్నం మెత్తగా ఉంటుందట, అదొక్కటే ఫిర్యాదు. నా గుండె మీది బండ దిగింది అక్కా. రేపు ఏమవుతుందో తెలియదు గానీ, ఇవాళ హాయిగా ఉంది.

ఇంకొక్క మాట దాచి ఉంచాను. ఇంటర్వ్యూలో వాణ్ని, "ఈ కడ్డీ సంగతి నీకెందుకు తట్టింది?" అని అడిగారట. "మా అత్తమ్మకు పై కడ్డీ అందక బస్సుల పడి చెయ్యి విరిగింది" అన్నాడట. ఆ పడింది నువ్వే కదా. గోడ మీద అన్ని గీతలున్నా నీ గీత లేదని వాడికి వెలితి. అందుకని చిన్నల్లుడి చేత చేయించు: సంచి చంకలో పెట్టుకొని, విరిగిన ఆ చేతిని నొప్పి లేకుండా ఎంతవరకు లేపగలవో అంతవరకే లేపి, గోడ మీద సుద్దతో గీత గీయించి, నేల నుంచి కొలిపించి పంపు. మొహమాటానికి పోయి ఎక్కువ ఎత్తొద్దు.

ఆ కొలతతో పాటు వాడికి నీ దీవెన కూడా రాయించు. కోపం ఇంకా ఉంటే అదీ రాయించు, నేను చదువుకుంటాను. వీలైతే మన పచ్చజొన్నలు కొంచెం ఎవరితోనైనా పంపు. బావకు నా దండాలు, వాడకట్టులో పెద్దలందరికీ మా ఇద్దరి దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ చేతి ముద్దలు తిని పెరిగిన తమ్ముడు,
నర్సింలు