గడియారం దించినవాడి కథ

అమ్మమ్మకి నమస్కారాలు.

నడుమూ కాళ్ళూ తప్ప మిగతా నేను కులాసాగానే ఉన్నాను. ఈ లాండ్రీలో రోజంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం ఒక లెక్క కాదు. షిఫ్టు దిగేముందు, ఎక్కేవాళ్ళ ఎదుట నిలబడి ఆ రోజు ఏం జరిగిందో తెలుగులో నోటితో చెప్పాలి. అక్కడే నా ప్రాణం పోతోంది. పరాయి భాషలో పెరిగినవాణ్ణి. నీకు రాసేటప్పుడు తప్పు పోతే కొట్టేస్తాను. నోట్లోంచి ఊడిపడ్డదాన్ని ఎలా కొట్టేయను?

మొన్న "మూడో మిషను ఆగుతుంది" అన్నాను. అది ఆగి అప్పటికే గంటైంది. పాపం, ఎప్పుడాగుతుందా అని అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. ఆ రోజునుంచి నోరు విప్పడం మానేశాను. నెలాఖరుకల్లా చెప్పడం రాకపోతే పనిలోంచి తీసేస్తారట.

నీ మనవడు

తా.క.: ఈ ఉత్తరానికి నాలుగు కాయితాలు చింపాను.

చిరంజీవి మనవడికి అమ్మమ్మ దీవెనలు.

ఏడవకు. కథంటేనే జరిగిపోయిన సంగతి. ఇది గట్టిగా చదువు.

"కుట్టుమిషన్ల షెడ్డులో ఒకతను పనిచేసేవాడు. ఇంకాస్త పని లాగడానికి మేనేజరు రోజూ గోడగడియారం ముల్లు అరగంట వెనక్కి తిప్పేవాడు. ఒక మధ్యాహ్నం మేనేజరు కునుకు తీస్తుండగా అతను స్టూలెక్కాడు, గడియారం దించాడు, సంచిలో పెట్టుకున్నాడు. మేనేజరు లేచేసరికి గోడమీద మేకొక్కటే మిగిలి ఉంది."

రోజూ జరిగేది కాబట్టి తిప్పేవాడు. ఒక్కసారి జరిగి అయిపోయింది కాబట్టి దించాడు. ఒక పని సాగుతుంటే మధ్యలో ఇంకోటి జరిగింది కాబట్టి తీస్తుండగా. చూసేసరికే అంతా అయిపోయింది కాబట్టి మిగిలి ఉంది. ఇప్పుడు 'అతను' తీసేసి 'నేను' పెట్టు. పనిచేసేవాడు పోయి పనిచేసేవాణ్ణి, దించాడు పోయి దించాను వస్తాయి. చేతులు పనిలో ఉన్నంతసేపూ నోటికీ పని చెప్పు.

అమ్మమ్మ

తా.క.: తర్వాతేమైందని అడక్కు. వేళ్ళు నొప్పి.

అమ్మమ్మకి నమస్కారాలు.

కొంప మునిగింది. మడతల గదిలో దుప్పట్లు మడతపెడుతూ "నేను స్టూలెక్కాను, గడియారం దించాను, సంచిలో పెట్టుకున్నాను" అని పదిసార్లు అన్నాను. తిరిగి చూస్తే వెనక సూపర్‌వైజరమ్మ. ఆ పొద్దుటినుంచే ఆ గదిలో గడియారం కనబడటంలేదట! నా సంచి దులిపితే తువ్వాలు తప్ప ఏమీ రాలేదు. "ఎక్కడ దాచావ్?" అంది. నేను మడతపెట్టిన దుప్పటే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

వచ్చే వారం మేనేజరు ముందు జవాబు చెప్పుకోవాలి. చెప్పలేకపోతే ఉద్యోగం పోవడమే కాదు, దొంగనన్న పేరు కూడా మిగులుతుంది. నీ ఉత్తరం చూపించేయనా?

నీ మనవడు

తా.క.: "ఇన్నాళ్ళలో నువ్వు తప్పు లేకుండా మాట్లాడింది ఇదొక్కటే, అందుకే నమ్మాను" అందావిడ.

చిరంజీవి మనవడికి దీవెనలు.

నా ఉత్తరం ఎవరికీ చూపించకు. చింపేయ్. నోటితోనే చెప్పు. ముందు రోజూ ఏం చేసేవాడివో చెప్పు. తర్వాత ఆ రోజు ఏం చేస్తుండగా ఆవిడ వచ్చిందో. ఆవిడ వచ్చేసరికి ఏమైపోయి ఉందో. ఈ వరస తప్పకు. మధ్యలో ఎవరి మొహంలోకీ చూడకు.

అమ్మమ్మ

తా.క.: నిజంగా తీయలేదు కదా? తీసుంటే తీశావులే, ఎక్కడ పెట్టావో నాకొక్కదానికే రాయి.

అమ్మమ్మకి నమస్కారాలు.

నేను తీయలేదు! మేనేజరు గదిలో కుర్చీ ఇచ్చారు గానీ కూర్చోలేకపోయాను. "నేను రోజూ దుప్పట్లు మడతపెడుతూ ఒక కథ చెప్పుకునేవాణ్ణి" అన్నాను. అది బయటపడ్డాక మిగతావి దాని వెనకే వచ్చాయి. "ఆ రోజు చెప్పుకుంటుండగా మేడమ్ వచ్చారు. అప్పటికే గోడమీద గడియారం లేదు." ఆ కథ కూడా చెప్పేశాను.

మేనేజరు తల గోక్కున్నాడు. గడియారం రిపేరుకి పంపింది ఆయనేనట, చెప్పడం మర్చిపోయాడట. తర్వాత ఆయనా మేడమూ కలిసి "ఇంతకీ కథలో ఆ దొంగ దొరికాడా?" అని నా మీద పడ్డారు. తెలుసుకుని షిఫ్టు మారేటప్పుడు అందరికీ చెప్పాలట. ఉద్యోగం ఉంది.

నీ మనవడు

తా.క.: బాగా అలిసిపోయాను. మాట్లాడి అలిసిపోవడం ఇదే మొదటిసారి.

చిరంజీవి మనవడికి దీవెనలు.

దొరకలేదు. పక్క మిషను మీద కుట్టే పిల్లని అనుమానించి పనిలోంచి తీసేశారు. దొంగ అక్కడే ఉండి కూడా నోరు మెదపలేదు, భయం. యాభై మూడేళ్ళుగా ఈ కథలో 'అతను' అనే చెప్తున్నాను. నీకు నేర్పినది నేనే చేయలేదురా. ఇవాళ చేస్తున్నాను: నేను స్టూలెక్కాను. నేను దించాను. నేను నోరు మూసుకున్నాను. షిఫ్టులో 'మా అమ్మమ్మ దించింది' అనే చెప్పు.

అమ్మమ్మ

తా.క.: ఆ పిల్ల ఇప్పుడు ముసలిదై రెండు వీధుల అవతలే ఉంటోంది. నిన్న వెళ్ళి అంతా చెప్పేశాను. దాని చేతిలో పని ఆగనైనా ఆగలేదు. "మూడు కాగానే నీ సంచిలోంచి గంట కొట్టింది కదే, అప్పుడే తెలుసు" అంది. మరి నా పేరెందుకు చెప్పలేదే అని ఏడ్చాను. "నువ్వే చెప్తావని చూస్తూ ఉన్నాను" అంది.