ఆంటీ మామిడాకులు

ఉగాది రాత్రి, గిరావీన్, ఆస్ట్రేలియా

ఇక్కడ ఉగాది వచ్చేసరికి ఆకులు రాలే కాలం. పచ్చడిలోకి వేపపువ్వు ఎండుది, ఇండియన్ షాపు ప్యాకెట్. మామిడికాయేమో ఫ్రోజెన్ ముక్కలు. మా ఇంట్లో తాజాగా ఉండేవి ఎదురింటి ఫిజీ ఆంటీ ఇచ్చే మామిడాకులు ఒక్కటే. ఒక్క కాయ కూడా కాయని ఆ చిన్న చెట్టుకు చలికాలమంతా దుప్పటి కప్పి కాపాడతారావిడ. నిన్న మధ్యాహ్నం పదకొండు ముదురాకులు ఏరి కోసి నా చేతిలో పెట్టారు.

నా బుద్ధి ఏమైందో! అలవాటుగా కరివేపాకు దాచినట్టే వాటినీ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టేశాను. పొద్దున తీస్తే నల్లగా వాడి, చేతిలో మెత్తగా వాలిపోయాయి. ఇంకోసారి అడగడానికి మొహం చెల్లలేదు. మా కంచె పక్క మగ్నోలియా ఆకులు కోసి తోరణం కట్టాను. ముందునుంచి అచ్చం మామిడాకులే, వెనక మాత్రం గోధుమరంగు నూగు.

“రిలాక్స్ అమ్మా, నోబడీ విల్ నో,” అంది మా హాసిని.

సాయంత్రం పచ్చడి తినడానికి ఆంటీ వచ్చారు. గుమ్మంలో ఆగి తలెత్తి చూశారు. గాలికి ఒక ఆకు తిరగబడి ఉంది.

“ఆంటీ, అవి...” అన్నాను.

ఆవిడ మునివేళ్ల మీద లేచి, ఆ ఆకును మళ్లీ పచ్చవైపుకు తిప్పారు. “వెరీ నైస్, బేటీ. పచ్చడి ఏదీ?”

చేదుగా ఉన్నా గిన్నె ఖాళీ చేశారు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నారు: “నెక్స్ట్ ఇయర్ పండగ పొద్దున్నే రా. అప్పుడే కోసి ఇస్తా.”

ఫ్రీజర్ సంగతి నేను చెప్పనేలేదు.