పాటలో లేచి వెళ్ళేవాణ్ణి

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పెళ్ళైన కొత్తలో మనం చూసిన సినిమాను దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ వేశారు. ఒక్కడినే వెళ్ళాను.

అప్పట్లో పాట మొదలవగానే లేచేవాణ్ణి. "చాయ్ తాగొస్తా. గీ పాటల ఏముంటది?"

"కూర్చోండి. ఆ ఐదు నిమిషాల్లోనే ఏళ్ళు గడిచిపోతాయండీ" అని చెయ్యి పట్టుకునేదానివి. నేను విడిపించుకుని పోయేవాణ్ణి.

ఇవాళ కదల్లేదు. పల్లవి హీరో, హీరోయిన్ ఇద్దరూ కలిసి పాడారు. మొదటి చరణంలో పిట్టగోడ మీద రెండు కప్పులున్నాయి. ఆ తర్వాత మాటల్లేకుండా వయొలిన్ మోగుతున్నంతసేపట్లో వాళ్ళకు పాప పుట్టింది, నడిచింది, బడికి పోయింది. రెండో చరణానికి గోడ మీద ఒక్క కప్పే ఉంది. చివర్లో మళ్ళీ అదే పల్లవి, అవే మాటలు; ఈసారి ఆమె గొంతు ఒక్కటే. అతను చనిపోయాడని సినిమాలో ఎవరూ నోటితో చెప్పలేదు.

పక్క సీటాయన పాప్‌కార్న్‌తో తిరిగొచ్చాడు. "ఏమైందన్నా? హీరో ఏడి?"

"పాటలనే పోయిండు" అన్నాను.

దవాఖానలో ఆ పొద్దున కూడా నువ్వు నా చెయ్యి పట్టుకుని, "కూర్చోండి" అన్నావు. ఐదు నిమిషాల్లో చాయ్ తాగొస్తానని విడిపించుకున్నాను.

తిరిగొచ్చి, ఏమైందని నర్సమ్మను అడిగాను.