సీసాకు పడ్డ చిల్లు

అక్కా, ఇంట్లో ఉండకు, బావ మళ్లీ వస్తాడు. తాళం వేసి పెద్దాసుపత్రికి వచ్చెయ్.

నువ్వు బయటికెళ్లాక నీ కూతురు సైన్స్ ఫెయిర్‌కి సీసాలో బెలూన్లు పెట్టి ఊపిరితిత్తుల బొమ్మ చేస్తుంటే బావ తాగొచ్చి దాన్ని తన్నాడు. అడ్డం వెళ్లిన తమ్ముడి పక్కటెముకల మధ్య కత్తెర దింపి పారిపోయాడు. గాయంలోంచి గాలి బుసకొట్టింది. నేను అరుస్తుంటే నీ కూతురే కసిరింది.

"పిన్నీ, సీసాకి చిల్లుంటే అడుగున రబ్బరు ఎంత లాగినా గాలి అందులోంచే దూరుతుంది. లోపలి బెలూన్లు ఉబ్బవు. కవరియ్యి!"

గాయం మీద ప్లాస్టిక్ కవరు వేసి అరచేత్తో అదిమింది. తమ్ముడికి ఊపిరి అందింది. అంబులెన్స్ వచ్చింది.

ఇకమీదట 'మనిషి మంచోడే' అనకు.

త్వరగా రా. డాక్టర్లు చెయ్యి తియ్యమన్నా నీ కూతురు తియ్యట్లేదు. "మావయ్య బెలూను ముడుచుకుపోద్ది" అంటోంది.