తొందరేం లేదక్కా

మంగళవారం

కింది పోర్షన్ల ఉండే సుజాతక్క పొద్దుగాల వాట్సాప్ పెట్టింది. "తమ్మీ, డిస్టర్బ్ చేస్తున్న, ఏమనుకోకు. డ్యూటీల ఉన్నవేమో. ఊకె నిన్నే పరేషాన్ చేస్తున్న." ఏం కావాలో మాత్రం రాయలే. దిల్‌సుఖ్‌నగర్ షాపుల గిరాకీతోని ఉన్న. "అయ్యో, పర్లేదక్కా. తొందరేం లేదు, నిమ్మళంగ చెప్పు" అని పెట్టిన.

"సల్లగుండు తమ్మీ, మళ్ల సారీ" అన్నది. నా మాట నమ్మి నిమ్మళంగనే ఆగింది. గంటైనంక అసలు సంగతి వచ్చింది. "మీ బావకు పొద్దుగాల నుంచి ఛాతీల నొప్పి, ఎక్కువైంది. జర కారు తెస్తవా?"

ఎల్బీ నగర్ ట్రాఫిక్ దాటి వనస్థలిపురంల ఇంటికి చేరేసరికి బావ పోయిండు. ఏం కావాలక్కా అని ఒక్క మాట అడగకపోతిని.

అక్క ఏడ్సుకుంటనే "నీ పని పాడుజేసిన, ఏమనుకోకు" అన్నది.

నా నోట్లెకెల్లి మళ్ల అదే వచ్చింది. "పర్లేదక్కా."