ఇరవై సెకన్ల గురక

జూలై 21, 2008. సోమవారం

ఇవాళ మొదటి స్కెచ్ ఎడిటింగ్ పూర్తయింది. పేరు ‘మొక్కుల కస్టమర్ కేర్’. రాసింది నేను. టైటిల్స్‌లో ‘రచన: భానుప్రియ’ అని వేశారు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను, ఎవరూ చూడకుండా.

మా యూత్ చానల్ ఝలక్ టీవీకి ఇంకా ఏడాది నిండలేదు. ప్యారడైజ్ దగ్గర ఆఫీసు. కింది ఫ్లోరంతా మా యజమానులదే ఇంకో చానల్: సీరియళ్లు, వంటలు, పొద్దున్నే పూజలు. దాన్ని మేం పెద్ద చానల్ అంటాం. వాళ్లు మమ్మల్ని పిల్లలు అంటారు.

స్కెచ్ ఇది. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు దేవుడి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాడు. వీసాకి ఒకటి నొక్కండి, ప్రమోషన్‌కి రెండు, పెళ్లికి తొమ్మిది నొక్కి ఓపిక పట్టండి. H1B వస్తే గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాడు. ఆరు నెలల వీసాయే వచ్చింది. కాబట్టి సగం గుండు సరిపోతుందా అని అడుగుతాడు. లైన్‌లో ఉండండి, స్వామివారిని కనుక్కుంటాను అంటుంది అవతలి గొంతు. హోల్డ్‌లో మంత్రం, అంతలో గురక. కుర్రాడు హడలిపోయి లెంపలేసుకుంటాడు. కెమెరా పక్కకు జరిగితే గురక పెడుతున్నది వాడి రూమ్మేట్. రెండు నిమిషాలంతే. కుర్రాడి వేషం మా వీజే కల్యాణ్‌ది.

సీడీ ఇంటికి తెచ్చి జగదాంబత్తకి చూపించాను. అత్త అంటే నాన్న అక్క. రైల్వే ఆఫీసులో పని, చిలకలగూడలో సొంత పోర్షన్. బొబ్బిలి నుంచి వచ్చినప్పట్నుంచీ నేను ఇక్కడే. అత్త రోజూ దీపం పెట్టకుండా కాఫీ తాగదు. సగం గుండు దగ్గర కళ్లు తుడుచుకునేంత నవ్వింది. ఏటే, మా సెక్షన్ హెడ్డు కూడా ఇలాంటోడే అంది.

జూలై 30. బుధవారం

నిన్న టెలికాస్ట్. ఎస్సెమ్మెస్‌లు పొద్దున్నుంచి ఆగలేదు. చాలామంది తమ మొక్కుల్నే రాసి పంపారు. ఒకడు బ్యాక్‌లాగ్ పోతే ముప్పై కొబ్బరికాయలన్నాడట, పదితో మొదలుపెట్టి ఈఎమ్ఐ కట్టుకోవచ్చా అని అడిగాడు.

ఒకే ఒక్క కోపం. అఫ్జల్‌గంజ్ నుంచి డిగ్రీ అమ్మాయి. హోల్డ్ మ్యూజిక్‌గా మంత్రం వాడారేంటి, మా నాన్న అర్చకుడు, దాన్ని రోజూ మడితో చదువుతాడు అని. యూత్ అంటే దేనికైనా నవ్వుతారని అనుకున్నాను. రీటెలికాస్ట్‌లో మంత్రం తీసేసి వీణ పెట్టించాను. జోకు ఏమాత్రం తగ్గలేదు. అంటే అది అక్కడ అవసరమే లేదు.

ఆగస్టు 8. శుక్రవారం. రాత్రి 8

వరసగా రాయాలి.

శ్రావణ శుక్రవారం. అత్త ఇంట్లో లలితా సహస్రనామం, ఎనిమిదిమంది ఆడవాళ్లు. హారతి అయింది. పెద్ద చానల్‌లో లక్ష్మీపూజ వస్తుంటే టీవీ పెట్టారు. దీపాలు వెలుగుతున్నాయి, టీవీలోనూ హారతి. బ్రేక్ వచ్చింది.

బ్రేక్‌లో మా ప్రోమో.

ఇరవై సెకన్లది. నాకు తెలియకుండా కట్ చేశారు. వీసా లేదు, గుండు లేదు. ‘స్వామివారిని కనుక్కుంటాను’, గురక, కల్యాణ్ నోరు తెరవడం, ‘ఝలక్‌లో మాత్రమే’. రూమ్మేట్ లేడు. గురక దేవుడిదే అయిపోయింది.

ఇది మీ మేనకోడలు పనిచేసే చానలే కదా అని ఎవరో అన్నారు. బాలమ్మగారు లేచారు. బోయిన్‌పల్లి మార్కెట్లో వాళ్లకి ఉల్లిగడ్డల హోల్‌సేల్ దుకాణం, అత్తకి పాతికేళ్ల స్నేహితురాలు. “మంచిగనే ఉన్నది జగదాంబా. మనం గిక్కడ దండం పెడుతుంటే మీ పిల్ల గక్కడ నవ్వులాట చేస్తున్నది” అని చెప్పులేసుకున్నారు. తాంబూలం తీసుకోలేదు. అత్త పళ్లెం పట్టుకుని గేటు దాకా వెళ్లి, అలాగే తిరిగి వచ్చింది.



ఆగస్టు 9. శనివారం

నిన్నట్నుంచి అత్త నాతో మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా మాత్రం కట్టింది.

ఆగస్టు 11. సోమవారం

పెద్ద చానల్‌కి రెండొందల పైచిలుకు ఫోన్లు. రీచార్జ్ కార్డుల స్పాన్సర్ ఈ వారం ఆగుతామన్నాడు. సికింద్రాబాద్ కేబుల్ ఆపరేటర్లలో ఇద్దరు ఝలక్‌ని అట్టడుక్కి తోసేస్తామన్నారు. అట్టడుగు అంటే బొమ్మలో చుక్కలే తప్ప మనుషులు కనబడని చోటు. బోనాల కమిటీల్లో ఉండేదీ వాళ్లే. కింది ఫ్లోర్‌లో పెద్ద చానల్ నడిపే మేడమ్ మా స్కెచ్‌లన్నీ ఆపమన్నారు.

మా ప్రోగ్రామింగ్ హెడ్ రాఘవేందర్ సార్ తల పట్టుకున్నారు. ప్రోమో కట్ చేయించింది ఆయనే. “మస్తు నవ్వొచ్చే ముక్క తీసి పెట్టిన భానూ, గింత లొల్లి అయితదని ఎవలకెరుక. క్షమాపణ స్క్రోల్ వేద్దాం, షో బంద్ చేద్దాం” అన్నారు. కల్యాణ్‌ది ఇంకో ఐడియా: గొడవ కావడమే పబ్లిసిటీ, ఇంకా ఘాటుగా తీద్దామని. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. ఒక్కరోజు టైమ్ ఇవ్వండి సార్, ఫోన్లు నేను తీసుకుంటాను అన్నాను.

సాయంత్రం దాకా హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే కస్టమర్ కేర్ అయిపోయాను. మొదట తిట్లు. ఊరికే విన్నాను. తర్వాత, ఏ ముక్క బాధపెట్టిందండీ అని అడిగాను. వీసా గురించి ఎవరూ అనలేదు, వాళ్లు చూడలేదు కాబట్టి. నేనే ఆ సగం గుండు కథ చెప్పాను. మల్కాజిగిరి నుంచి రిటైర్డు హెడ్‌మాస్టరు గారు నవ్వాపుకోలేక దగ్గారు. మా అల్లుడు అచ్చం అంతే అన్నారు. మళ్లీ గొంతు సవరించుకుని, అయినా గురక తప్పమ్మా అన్నారు. ఒకావిడ అన్నది రాసి పెట్టుకోవాలి: జోకు సంగతి తర్వాత, హారతి కళ్లకద్దుకుంటుంటే వచ్చింది, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆగస్టు 12. మంగళవారం

మీటింగ్. మేడమ్, రాఘవేందర్ సార్, నేను. ముందు ప్రోమో వేశాను, వెంటనే పూర్తి స్కెచ్ వేశాను. మేడమ్ రూమ్మేట్ దగ్గర పెదవి బిగబట్టారు. నవ్వు ఆపుకునే ముఖం నాకు తెలుసు.

అప్పుడు చెప్పాను. స్కెచ్‌లో నవ్వేది బేరమాడే కుర్రాడి మీద. ప్రోమోలో కుర్రాడి బేరం తీసేశాం, నవ్వు ఎవరి మీదో పడాలి కాబట్టి దేవుడి మీద పడింది. మా చానల్ రిమోట్‌తో వెతుక్కుని వచ్చేవాళ్లు నవ్వడానికే వస్తారు. మీ చానల్ ముందు ఆ పూజ వేళ దీపం పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లింటికి మనం పిలవకుండా వెళ్లాం.

మేడమ్ అక్కడే తేల్చేశారు. షో ఉంటుంది, రాత్రి తొమ్మిదిన్నరకే, మధ్యాహ్నం రిపీట్ వద్దు అన్నారు. పూజ ప్రోగ్రాముల చుట్టూ మా ప్రోమోలు ఉండవు. ఇంకెక్కడైనా వేస్తే జోకు చివరిదాకా ఉండాలి, రాసినవాళ్లు చూడాలి. అంటే నేను. విగ్రహం, మంత్రం, పూనకం జోకులో భాగం కాకూడదు. మొక్కుకుని ఎగ్గొట్టేవాళ్లు, క్యూలో దూరేవాళ్లు, ప్రసాదం రెండోసారి కోసం వరస మారేవాళ్లు, జోకులకి వీళ్లంతా నావాళ్లు. క్షమాపణ మాత్రం పెద్ద చానల్‌లో వేయాలి, ప్రోమో వచ్చిన టైమ్‌కే. రాఘవేందర్ సార్ తనే చదువుతానన్నారు. ఆ మాట అన్నందుకు ఆయన మీద కోపం పోయింది.

ఆగస్టు 13. బుధవారం

ఉదయం అత్త నోరు విప్పింది. కూరగాయలు తరుగుతూ, నావైపు చూడకుండా.

నువ్వూ నవ్వావు కదత్తా అన్నాను. అనకూడదేమో, అనేశాను.

“నవ్వాను. ఇప్పుడూ నవ్వుతాను. ఆయన్నీ నేను రోజూ తిడతాను, ఏటి స్వామీ బస్సు కూడా పంపవేటని. అది మా ఇద్దరి మజ్జిన. అంతమంది పేరంటాళ్లని నేను పిలిచి కూర్చోబెట్టి, నా ఇంట్లో, దీపం ముందు వాళ్లకది చూపించినట్టయిపోయిందే” అంది. వంకాయ ముక్కలు నల్లబడుతుంటే నేనే తీసి ఉప్పునీళ్లలో వేశాను.

సాయంత్రం బస్సెక్కి బోయిన్‌పల్లి వెళ్లాను. చేతిలో వరలక్ష్మీవ్రతానికి అత్త తరఫున బొట్టుపెట్టి పిలవడానికి కుంకుమ భరిణె, బ్యాగులో సీడీ. బాలమ్మగారు లోపలికి రమ్మన్నారు కానీ కూర్చోమనలేదు. తప్పయిందండీ, ముందు అది చెప్పడానికి వచ్చాను అన్నాను. గురక దేవుడిది కాదన్నాను. “మరి గట్లెందుకు చూపెట్టిన్రు?” అన్నారు. కత్తిరించినవాళ్లకి నవ్వే కనబడింది, మీరు కనబడలేదు అన్నాను.

సీడీ పెట్టమన్నారు. నిలబడే చూశారు. ముఖంలో కదలిక లేదు. సగం గుండు రాగానే, పాలు పొంగుతున్నయేమో అని వంటింట్లోకి వెళ్లారు. పొయ్యి మీద పాలు లేవు, నాకు కనబడుతూనే ఉంది. లోపల్నుంచి కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు.

బయటికి వచ్చి బొట్టు పెట్టించుకున్నారు. వస్తానని మాత్రం అనలేదు.

ఆగస్టు 15. శుక్రవారం

వచ్చారు. అందరికంటే ముందే. అత్త, ఆవిడా తోరాలు కట్టుకుంటూ నా గురించి ఏదో చెప్పుకున్నారు, నేను రాగానే ఆపేశారు. తాంబూలం తీసుకున్నారు. రెండు అరటిపళ్లు ఎక్కువ అడిగి మరీ.

టీవీ ఎవరూ పెట్టలేదు. క్షమాపణ మా వాళ్లెవరూ చూడనే లేదు.

ఆగస్టు 19. మంగళవారం

తొమ్మిదిన్నరకి ప్రసాదం వరస స్కెచ్. స్పాన్సర్ తిరిగొచ్చాడు. కేబుల్‌వాళ్లలో ఒకడు మమ్మల్ని పాత చోటికి తెచ్చాడు. రెండోవాడు తేలేదు. వాడి ఏరియాలో కల్యాణ్ ఇంకా చుక్కల్లోనే ఉన్నాడు. ఈసారి ప్రోమో నేనే కట్ చేశాను. ముప్పైఐదు సెకన్లు వచ్చింది. పొడుగైందని రాఘవేందర్ సార్ సణిగారు, వేశారు.

ఆగస్టు 24. ఆదివారం

బాలమ్మగారు ఫోన్ చేశారు, అత్తకి కాదు, నాకు. దుకాణం గిరాకీ పెరిగితే యాదగిరిగుట్ట మెట్లు నడిచే ఎక్కుతానని మొక్కుకున్నారట. పెరిగింది. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. ఆటోలో వెళ్లి, మెట్లెక్కడానికి పట్టేంతసేపు ఆటోలోనే కూర్చుంటే చెల్లుతుందా, మీ కస్టమర్ కేర్ల అడుగు బిడ్డా అన్నారు. రాసుకోనా అని అడిగాను.

రాసుకో, కానీ నా వేషం నేనే వేస్తా అన్నారు.